ఈఆర్‌పీ పదేపదే ఆగిపోతుంటే సపోర్టు కంపెనీకి ఘాటైన ఈమెయిల్ రాయడం ఎలా

మార్చి 19 రాత్రి మా రొయ్యల మేత ఫ్యాక్టరీ గేటు దగ్గర సోయా మీల్, చేప పొడి లోడ్లతో ఏడు లారీలు నిలబడి ఉన్నాయి. కాటా మీద తూకం తెరపై కనబడుతోంది కానీ, ఆ తూకం ఫ్యాక్టరీ లెక్కలన్నీ నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లడం లేదు, సరుకు అందినట్టు నమోదు చేసే జీఆర్‌ఎన్ పోస్ట్ కావడం లేదు. జీఆర్‌ఎన్ లేనిదే అన్‌లోడింగ్ చీటీ రాదు, చీటీ లేనిదే హమాలీలు బస్తా ముట్టుకోరు. ఆ నెలలో సిస్టం మొరాయించడం అది మూడోసారి. కొనుగోళ్ల విభాగానికి నేను బాధ్యుణ్ణి కాబట్టి, మర్నాడు పొద్దున్నే సపోర్టు కంపెనీకి కోపంగా ఒక ఈమెయిల్ పంపాను. మీ సేవలు ఏమాత్రం బాగాలేవని, ఇలాగైతే ఒప్పందం గురించి పునరాలోచించాల్సి వస్తుందని, వెంటనే మెరుగుపరచుకోవాలని అందులో రాశాను. మూడు గంటల తర్వాత, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, విషయాన్ని పైవారి దృష్టికి తీసుకెళ్లామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. మార్చి 28న సిస్టం మళ్లీ ఆగింది.

ఆ మొదటి ఈమెయిల్‌లో అవతలివారు కాదనడానికి గానీ ఒప్పుకోవడానికి గానీ ఒక్క విషయమూ లేదు. ఏప్రిల్ 2న పంపిన రెండో ఈమెయిల్ పని చేసింది. అది రాయడానికి ఒక పూట పట్టింది. అందులో ముప్పావు వంతు రాతకు కాదు, లెక్క తీయడానికే సరిపోయింది. మీకూ అలాంటి అవసరం పడితే ఏ వరుసలో వెళ్లాలో మా కేసునే ఉదాహరణగా పెట్టి చెబుతాను.

మొదట టికెట్ల చరిత్ర తీయండి

సపోర్టు పోర్టల్‌లోకి వెళ్లి గత నెలలో లేదా మూడు నెలల్లో మీరు పెట్టిన ఫిర్యాదు టికెట్లన్నింటినీ, వాటిలో స్టేటస్ ఎప్పుడెప్పుడు మారిందో ఆ చరిత్రతో సహా పీడీఎఫ్‌గా దించుకోండి. పోర్టల్‌లో ఎలాగూ ఉంటాయి కదా అని వదిలేయవద్దు. ఆ పోర్టల్ వారిది, లాగిన్ ఇచ్చేదీ తీసేసేదీ వారే. దించుకున్నాక ప్రతి అంతరాయానికీ ఐదు సమయాలు ఒక కాగితం మీద రాసుకోండి: సిస్టం ఎప్పుడు ఆగింది, మీవారు టికెట్ ఎప్పుడు పెట్టారు, మొదటి మనిషి ఎప్పుడు స్పందించాడు, అసలు పని ఎప్పుడు మొదలైంది, సిస్టం ఎప్పుడు తిరిగి వచ్చింది. ఆటోమేటిక్‌గా వచ్చే రసీదు ఈమెయిల్‌ను స్పందన కింద రాసుకోకండి. మనిషి పేరుతో వచ్చిన మొదటి మాటనే లెక్కించండి.

ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది. చాలా పోర్టళ్లు సమయాన్ని మన భారత కాలమానంలో కాక అంతర్జాతీయ ప్రామాణిక సమయమైన UTCలో చూపిస్తాయి. రెండింటికీ ఐదున్నర గంటల తేడా. మా 19వ తేదీ టికెట్ పెట్టింది రాత్రి 7:25కి, పోర్టల్‌లో అది 13:55 అని కనబడింది. గేటు రిజిస్టర్‌లోని సమయాన్నీ పోర్టల్ సమయాన్నీ సరిచూడకుండా కలిపి రాసేస్తే, అవతలివారు ఆ ఒక్క తప్పు పట్టుకుని మొత్తం లెక్కనే అనుమానంలో పడేస్తారు.

తర్వాత మీ వైపు తప్పులు తీసేయండి. మార్చిలో మాకు నాలుగు అంతరాయాలు వచ్చాయి. వాటిలో 14వ తేదీది మా లీజ్డ్ లైన్ తెగడం వల్ల వచ్చింది. దాన్ని లెక్కలోంచి తీసేయడమే కాదు, తీసేశామని ఈమెయిల్‌లో చెప్పాను కూడా. సంఖ్య ఒకటి తగ్గితే వాదన బలహీనపడుతుందని మా ఐటీ మేనేజర్ గారు అన్నారు. మనమే చెప్పకపోతే వారే ఆ ఒక్కదాన్ని బయటికి తీసి మిగతా మూడింటి మీద నీళ్లు చల్లుతారని నా భయం.

మిగిలిన మూడింటి లెక్క ఇది. మార్చి 5న ఉదయం 10:40కి సిస్టం ఆగింది, 10:52కి టికెట్ పెట్టాం, ఇంజనీరు 12:05కి వచ్చాడు, 1:25కి సిస్టం తిరిగి వచ్చింది. మార్చి 19న రాత్రి 7:10కి ఆగింది, 7:25కి టికెట్ పెట్టాం, మర్నాడు ఉదయం 9:05కి ఇంజనీరు వచ్చాడు, 9:50కి సరైంది. మార్చి 28న ఉదయం 11:15కి ఆగింది, 11:20కి టికెట్ పెట్టాం, 11:45కి ఒకాయన స్క్రీన్‌షాట్ అడిగాడు, 11:58కి పంపాం, మధ్యాహ్నం 1:40 దాకా ఉలుకూ పలుకూ లేదు, 2:35కి సరైంది. మొత్తం కలిపితే 20 గంటల 45 నిమిషాలు.

ఇప్పుడు ఆ మొత్తాన్ని విడదీసి చూడండి. ఇంజనీరు చెయ్యి పెట్టిన దగ్గర్నుంచి సిస్టం లేచేవరకు మూడుసార్లూ కలిపి పట్టింది సరిగ్గా 3 గంటలు. మార్చి 5న టికెట్ పెట్టాక, 19న టికెట్ పెట్టాక, 28న స్క్రీన్‌షాట్ పంపాక మనిషి కోసం ఎదురుచూసిన సమయం 16 గంటల 35 నిమిషాలు. మిగిలిన గంటా పది నిమిషాల్లో టికెట్ పెట్టడంలో మేం చేసిన ఆలస్యం, 28న మొదటి మాటల్లో గడిచిన సమయం ఉన్నాయి. నా రెండో ఈమెయిల్ మొత్తం ఈ రెండు సంఖ్యల మీదే నిలబడింది. సిస్టం ఎందుకు ఆగుతోందన్నది సాంకేతిక చర్చ, అందులో మనల్ని ఎటైనా తిప్పగలరు. మూడు గంటల పని కోసం పదహారున్నర గంటలు ఎందుకు కూర్చోబెట్టారన్నది మాత్రం వారి షిఫ్టుల ఏర్పాటు గురించిన ప్రశ్న, దానికి వారే జవాబు చెప్పాలి. మరమ్మతు వేగంగా చేయమని కాక, మనిషిని వేగంగా పంపమని అడగాలని నేను నిర్ణయించుకున్నది ఈ లెక్క చూశాకే. మీ లెక్కలో మరమ్మతు సమయమే ఎక్కువగా తేలితే మీ ఈమెయిల్ వేరుగా ఉండాలి. అప్పుడు అడగాల్సింది అనుభవమున్న ఇంజనీరును.

తర్వాత ఒప్పందం తెరవండి

సంతకాలయ్యాక ఎవరూ చూడని, సేవ ప్రమాణాలు రాసి ఉండే ఎస్‌ఎల్‌ఏ అనుబంధం ఒకటి ఒప్పందం చివర ఉంటుంది. ఈమెయిల్‌కు ముందు దాన్ని ఒకసారి మెల్లగా చదవండి. మా అనుబంధంలో అత్యంత తీవ్రమైన పీ1 సమస్యకు రాత్రీ పగలూ 30 నిమిషాల్లో స్పందించాలని, 4 గంటల్లో సిస్టం నిలబెట్టాలని, పీ2 సమస్యకు పనివేళల్లో మాత్రమే సేవ ఉంటుందని రాసి ఉంది. నెలకు 99.5 శాతం సిస్టం నడవాలి. 31 రోజుల నెలలో 744 గంటలు కాబట్టి, 3 గంటల 43 నిమిషాల దాకా ఆగినా తప్పు లేదన్నమాట. మాకు ఆగింది 20 గంటల 45 నిమిషాలు, అంటే సిస్టం నడిచింది 97.21 శాతం.

కానీ వారు పంపిన నెలసరి నివేదికలో 99.44 శాతం అని ఉంది. అబద్ధం రాశారని కోపం రావడం సహజం, కానీ అది అబద్ధం కాదు. టికెట్ల చరిత్ర పక్కన పెట్టుకుని చూస్తే ఆ సంఖ్య ఎలా వచ్చిందో తెలిసిపోయింది. 19వ తేదీ రాత్రి 8:10కి ఎవరో మా టికెట్‌ను పీ1 నుంచి పీ2కి దించారు. లాగిన్ పేజీ తెరుచుకుంటోంది కాబట్టి సిస్టం పనిచేస్తున్నట్టేనని దాని కింద రాశారు. పీ2 కాబట్టి సిస్టం ఆగిన సమయాన్ని లెక్కించే గడియారం రాత్రంతా ఆగింది, ఆ పద్నాలుగు గంటల పైచిలుకు నివేదికలోంచి పూర్తిగా మాయమైంది. 28న స్క్రీన్‌షాట్ అడిగిన క్షణంలో టికెట్ స్టేటస్ `Awaiting Customer` గా మారింది. మేం 13 నిమిషాల్లో పంపినా ఆ స్టేటస్‌ను ఎవరూ వెనక్కి మార్చలేదు, దాంతో 1:40 వరకు గడియారం ఆగే ఉంది. అలా 1 గంట 55 నిమిషాలు పోయాయి. మిగిలింది 4 గంటల 10 నిమిషాలు, అదే వారి 99.44.

కాబట్టి ఒప్పందంలో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి. స్పందన అంటే ఏమిటో నిర్వచనం ఉందా, ఆటోమేటిక్ రసీదు కూడా స్పందనే అవుతుందా? తీవ్రత స్థాయిని ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు దించవచ్చు? గడియారం ఎప్పుడు ఆగుతుంది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది? సేవ లోపించినందుకు రుసుములో తగ్గించే సర్వీస్ క్రెడిట్ ఎంత, ఎన్ని రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి? మా ఒప్పందంలో మొదటి ప్రశ్నకు జవాబే లేదు. రెండోదానికి ఇద్దరూ కలిసి నిర్ణయించాలని ఉంది. అది మాకు కలిసొచ్చింది, ఎందుకంటే 19 రాత్రి మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాలుగోది, 98 శాతం కంటే తగ్గితే ఆ నెల సపోర్టు రుసుములో 10 శాతం, 99.5 కంటే తగ్గితే 5 శాతం, నెల ముగిసిన 30 రోజుల్లోపు అడగాలి. గడువు దాటితే హక్కు పోతుంది. ఈ కారణంగానే ఇలాంటి ఈమెయిల్‌ను కోపం చల్లారాక రాద్దామని నెలల తరబడి వాయిదా వేయకూడదు.

నోటీసు క్లాజును కూడా చూడండి. ఫిర్యాదులకు ఈమెయిల్ చాలుగానీ, ఒప్పందం ఉల్లంఘన కింద ఇచ్చే నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనో కొరియర్‌లోనో ఫలానా చిరునామాకు వెళ్లాలని కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అలా ఉంటే ఈమెయిల్‌తో పాటు సంతకం చేసిన ప్రతిని కూడా పంపాలి.

నష్టాన్ని తక్కువగా, కానీ కాగితంతో చూపండి

ఫ్యాక్టరీ ఆగితే గంటకు ఇన్ని లక్షలు నష్టమని రాయాలని మా ఫైనాన్స్ వారు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఈఆర్‌పీ ఒప్పందాల్లో దాదాపు అన్నింటా లాభాల నష్టం, ఉత్పత్తి నష్టం లాంటి పరోక్ష నష్టాలకు బాధ్యత లేదని ఒక క్లాజు ఉంటుంది. పెద్ద అంకె వేస్తే ఈమెయిల్ సపోర్టు విభాగం నుంచి నేరుగా వారి లాయరు దగ్గరికి పోతుంది, ఆయన మీ ప్రశ్నకు కాక ఆ అంకెకు జవాబు రాస్తాడు. నేను ఒక్కటే పెట్టాను: 19 రాత్రి నిలిచిపోయిన ఏడు లారీలకు ట్రాన్స్‌పోర్టర్లు వేసిన హాల్టింగ్ ఛార్జీ, లారీకి 2,500 చొప్పున 17,500 రూపాయలు. ఏడు వోచర్లు, గేటు రిజిస్టర్ పేజీ జతచేశాను. మొత్తం చిన్నదే. అయినా రాత్రి వేళ సిస్టం ఆగితే ఏమవుతుందో బెంగళూరులో ఏసీ గదిలో కూర్చున్నవారికి అర్థం కావడానికి ఆ గేటు రిజిస్టర్ పేజీ పనికొచ్చినట్టు ఇంకేదీ పనికిరాలేదు.

అడిగేవి నాలుగుకు మించకూడదు

పన్నెండు డిమాండ్లు పెడితే అందులో తేలికైన మూడింటికి ఒప్పుకుని మిగతావి పరిశీలనలో ఉన్నాయంటారు. ప్రతి డిమాండూ మీ లెక్కలోని ఒక ఆలస్యానికి మందు అయి ఉండాలి. మార్చి 5 ఆలస్యానికి స్పందన నిర్వచనం, 19 ఆలస్యానికి తీవ్రత స్థాయి, 28 ఆలస్యానికి గడియారం, మూడింటికీ కలిపి మూలకారణ నివేదిక. ఇంతకు మించి నేను అడగలేదు. నెలసరి సమీక్ష సమావేశం, ప్రత్యేక ఇంజనీరు లాంటివి మంచివే, కానీ వాటికి డబ్బు ఖర్చవుతుంది, ధర మాట్లాడుకునే రోజున అడగాల్సినవి అవి.

తీవ్రత గురించి అడిగేటప్పుడు, సిస్టం పూర్తిగా ఆగితే పీ1 అన్న పాత నిర్వచనం సరిపోదు. లాగిన్ పేజీ తెరుచుకుంటే పూర్తిగా ఆగలేదనే అంటారు. మీ వ్యాపారంలో ఏ పని ఆగితే గేటు దగ్గర లారీ నిలబడుతుందో ఆ పని పేరు రాయాలి. మాకు గేట్ ఎంట్రీ, కాటా తూకం, జీఆర్‌ఎన్, ఈ మూడే. మందుల కంపెనీ అయితే బ్యాచ్ రిలీజ్, శీతల గిడ్డంగి అయితే డిస్పాచ్. ఈ జాబితా కూడా నిజాయితీగా ఉండాలి. ప్రతి రిపోర్టునూ పీ1 అంటే ఆర్నెల్లలో ఎవరూ పీ1ను పట్టించుకోరు.

బిల్లు ఆపుతామని బెదిరించే ముందు

ఇది చాలామంది తెలియక కాలు జారే చోటు. ఈఆర్‌పీని అమర్చి సపోర్టు ఇచ్చే కంపెనీల్లో చాలావరకు చిన్న సంస్థలు, చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉన్నవి. వారి ఇన్‌వాయిస్ మీద ఆ నంబరు ఉందేమో చూడండి. సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపు చెల్లించాలి. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. పైగా గడువు దాటిన ఆ మొత్తం చెల్లించేదాకా ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చు కింద రాదు.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట కూడా ఉంది. సేవ అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరం తీరిన రోజునే సేవను అంగీకరించిన రోజుగా లెక్కిస్తారు. మా త్రైమాసిక బిల్లు మార్చి 31తో ముగిసింది, నేను ఏప్రిల్ 2న రాశాను. అందుకే ఈమెయిల్‌లో బిల్లు ఆపుతానని అనలేదు, ఆ బిల్లుకు సంబంధించిన సేవపై ఇది రాతపూర్వక అభ్యంతరమని ఒక వాక్యం పెట్టాను. వివాదం లేని భాగాన్ని గడువులోనే చెల్లిస్తామని కూడా రాశాను. ఈ వాక్యాన్ని మీ సంస్థ న్యాయ సలహాదారుకు ఒకసారి చూపించి వాడండి, ఎందుకంటే ఒప్పందంలోని చెల్లింపు షరతులను బట్టి మాట మారుతుంది.

ఎవరికి, ఏ శీర్షికతో

పాత టికెట్‌కు జవాబుగా పంపితే అది తిరిగి అదే మొదటి వరుస సపోర్టు క్యూలో పడుతుంది. కొత్త ఈమెయిల్‌గా రాయండి. ప్రధానంగా వారి డెలివరీ హెడ్‌కు పంపండి, మన ఖాతా చూసే మేనేజర్‌కు, మన ఐటీకి, మన ఫైనాన్స్‌కు కాపీ పెట్టండి. మొదటి ఈమెయిల్‌కే వారి ఎండీ గారిని కాపీలో పెట్టకండి. ఆ మెట్టు తర్వాతి దశకు దాచుకోవాలి. మన ఐటీ మేనేజర్‌కు ముందే చదివి వినిపించండి. సపోర్టువారితో రోజూ మాట్లాడేది ఆయన, తన ప్రమేయం లేకుండా ఈమెయిల్ వెళ్తే ఫోన్‌లో ఆయనే దాన్ని మెత్తబరుస్తాడు.

శీర్షికలో అత్యవసరం, తీవ్ర అసంతృప్తి లాంటి మాటలు వద్దు. ఏమిటి, ఎప్పటిది, ఎప్పటిలోగా అన్నవి చాలు. కంపెనీల మధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తాయి. నేను మాత్రం ముందు తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకుంటాను. తెలుగులో రాసేటప్పుడు ఊకదంపుడు వాక్యం కంటికి తొందరగా దొరుకుతుంది. నేను పంపిన ఈమెయిల్ తెలుగు ముసాయిదా ఇది:

> విషయం: మార్చి నెల మూడు అంతరాయాలు, స్పందనలో ఆలస్యం – ఏప్రిల్ 9 లోపు రాతపూర్వక జవాబు కోరుతూ
>
> డెలివరీ హెడ్ గారికి,
>
> నమస్కారం. మార్చి 5, 19, 28 తేదీల్లో మా ఫ్యాక్టరీలో ఈఆర్‌పీ మొత్తం 20 గంటల 45 నిమిషాలు ఆగింది. మార్చి 14 నాటి అంతరాయం మా ఇంటర్నెట్ లైన్ వల్ల వచ్చింది కాబట్టి దాన్ని ఇందులో కలపలేదు. ఈ సమయంలో మీ ఇంజనీర్లు మరమ్మతు చేసిన కాలం 3 గంటలు. మేము ఇంజనీరు కోసం ఎదురుచూసిన కాలం 16 గంటల 35 నిమిషాలు. సమయాలన్నీ మీ పోర్టల్ నుంచే తీసుకుని భారత కాలమానంలోకి మార్చి జతచేశాము.
>
> మీ నెలసరి నివేదికలో చూపిన 99.44 శాతంతో మేము ఏకీభవించడం లేదు. మార్చి 19 టికెట్‌ను మా అంగీకారం లేకుండా పీ2కి మార్చారు. మార్చి 28న మేము 11:58కే స్క్రీన్‌షాట్ పంపినా టికెట్‌ను 1:40 వరకు మా జవాబు కోసం వేచి ఉన్నట్టు ఉంచారు. ఈ రెండింటినీ సరిచేస్తే మార్చి లభ్యత 97.21 శాతం. ఒప్పందం ప్రకారం మార్చి సపోర్టు రుసుములో 10 శాతం సర్వీస్ క్రెడిట్ కోరుతున్నాము.
>
> ఈ నాలుగింటిని ఏప్రిల్ 9 లోపు రాతపూర్వకంగా అంగీకరించవలసిందిగా కోరుతున్నాము.
>
> ఒకటి: పీ1 టికెట్‌కు 30 నిమిషాల్లో స్పందన అంటే, పేరున్న ఇంజనీరు తాను ఏమి పరిశీలిస్తున్నదీ టికెట్‌లో రాయడం. ఆటోమేటిక్ రసీదు స్పందన కాదు. 30 నిమిషాలు దాటితే షిఫ్టు లీడ్‌కు, గంట దాటితే మేనేజర్‌కు, రెండు గంటలు దాటితే మీకు ఫోన్ చేయడానికి నంబర్లు ఇవ్వాలి.
>
> రెండు: గేట్ ఎంట్రీ, కాటా తూకం, జీఆర్‌ఎన్‌లలో ఏ ఒక్కటి వినియోగదారులందరికీ ఆగినా అది పీ1. మా షిఫ్టు ఇన్‌చార్జి టికెట్‌లో అంగీకరించకుండా స్థాయిని దించకూడదు.
>
> మూడు: పీ1 టికెట్ తెరిచేటప్పుడే స్క్రీన్‌షాట్, లోపం సందేశం, ఆగిన సమయం, ఎందరికి ఆగింది అన్నవి మేము ఇస్తాము. ఆ తర్వాత పీ1లో గడియారం ఆపకూడదు.
>
> నాలుగు: మూడు అంతరాయాలకూ మూలకారణం, అది తిరిగి రాకుండా తీసుకున్న చర్య, దాని తేదీ తెలిపే నివేదిక ఇవ్వాలి.
>
> మార్చి 19 రాత్రి నిలిచిన ఏడు లారీలకు మేము చెల్లించిన హాల్టింగ్ 17,500 రూపాయల వోచర్లు జతచేశాము. మార్చితో ముగిసిన త్రైమాసిక సేవపై ఈ ఈమెయిల్‌ను మా రాతపూర్వక అభ్యంతరంగా పరిగణించగలరు. వివాదం లేని మొత్తాన్ని గడువులోపు చెల్లిస్తాము. ఏప్రిల్ 9 లోపు జవాబు అందకపోతే ఈ విషయాన్ని ఒప్పందంలోని వివాద పరిష్కార క్లాజు కింద మీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి పంపుతాము. ఒప్పందం కింద మాకున్న ఇతర హక్కులను ఈ ఈమెయిల్ ద్వారా వదులుకోవడం లేదు.
>
> ఇట్లు,
> కొనుగోళ్ల విభాగాధిపతి

ఇందులో కోపం ఎక్కడా లేదు, అయినా మెత్తగా లేదు. గడువు దాటితే ఏమవుతుందో చెప్పిన వాక్యంలో నేను నిజంగా చేయగలిగినదే రాశాను. ఈఆర్‌పీని నెలలో మార్చేస్తామని రాస్తే, మార్చడానికి కనీసం ఏడాది పడుతుందని నాకంటే వారికే బాగా తెలుసు.

పంపిన తర్వాత

ముందుగా ఫోన్ వస్తుంది. మాట్లాడండి, కానీ పెట్టేసిన పావుగంటలో, ఇప్పుడు మనం అనుకున్నవి ఇవీ అంటూ అదే ఈమెయిల్ గొలుసులో రెండు మూడు వాక్యాలు రాసి పంపండి. ఫోన్‌లో ఒప్పుకున్నది ఒప్పందం కాదు.

తర్వాత మూలకారణ నివేదిక వస్తుంది. మాకు మొదట వచ్చినదాంట్లో, సర్వర్ మీద భారం పెరిగి సర్వీసు ఆగింది, సర్వీసును తిరిగి ప్రారంభించాము అని ఉంది. అది కారణం కాదు, జరిగినదాన్నే తిరిగి చెప్పడం. భారం ఎందుకు పెరిగింది, ఆ వేళకే ఎందుకు, రేపు మళ్లీ పెరిగితే ఎవరికి ముందుగా తెలుస్తుంది అని మూడు ప్రశ్నలు తిరిగి పంపాను. రెండో నివేదికలో అసలు సంగతి బయటపడింది. కాటా నుంచి వచ్చే తూకాలను దాచే లాగ్ ఫైలు డిస్కును నింపేస్తోంది, దాన్ని ఎవరూ శుభ్రం చేయడం లేదు. మూడు అంతరాయాల్లో రెండింటికి అదే కారణం. మిగతాదానికి డేటా సెంటర్ నిర్వహణను కారణంగా చూపారు, అది మూడో కంపెనీ చేతిలో ఉంది కాబట్టి తామేమీ చేయలేమన్నారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. మీరు సంతకం చేసింది అమర్చిన కంపెనీతో, సర్వర్ ఇంకొకరిది, సాఫ్ట్‌వేర్ మరొకరిది కావచ్చు. వారందరి మీదా మీ ఈమెయిల్‌కు పట్టు ఉండదు. కానీ ఆ మూడో కంపెనీ నిర్వహణ వేళలను మీకు ముందే తెలియజేయమని మీరు సంతకం చేసినవారిని అడగవచ్చు.

క్రెడిట్ మీద పది రోజులు నడిచింది. హాల్టింగ్ ఇవ్వలేదు, పరోక్ష నష్టం కిందకు వస్తుందన్నారు, నేను లాగలేదు. 10 శాతం క్రెడిట్ ఇచ్చారు. నాలుగు డిమాండ్లలో మూడింటికి యథాతథంగా ఒప్పుకున్నారు. గడియారం విషయంలో మాత్రం, అదనపు సమాచారం అడిగినప్పుడు ఆపుతాం గానీ మా జవాబు చేరిన క్షణం దానంతటదే మొదలయ్యేలా పోర్టల్‌లో మార్పు చేస్తామన్నారు. నేను అడిగినదానికంటే ఇదే మెరుగ్గా అనిపించి సరేనన్నాను. ఇవన్నీ ఎస్‌ఎల్‌ఏ అనుబంధానికి సవరణగా ఇద్దరి సంతకాలతో వచ్చేదాకా మా ఈమెయిల్ గొలుసును మూసెయ్యలేదు.

ఫోన్ నంబర్ల జాబితా వచ్చిన వారం తర్వాత, ముందే వారికి చెప్పి, తేదీ చెప్పకుండా ఒక పరీక్ష పెట్టండి. మేం ఏప్రిల్ చివర్లో ఒక రాత్రి 11:20కి మా షిఫ్టు ఇన్‌చార్జి చేత పరీక్ష టికెట్ పెట్టించి, జాబితాలోని నంబర్లకు వరుసగా ఫోన్ చేయించాం. షిఫ్టు లీడ్ రెండో రింగుకే ఎత్తాడు. మేనేజర్ నంబరుకు చేస్తే, ఆ కంపెనీలో పని మానేసి నాలుగు నెలలైందని ఒకాయన నిద్రమత్తులో చెప్పి పెట్టేశాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా సరిచేసిన జాబితా వచ్చింది. అది ఇప్పుడు కాటా గదిలో తెర పక్కన అతికించి ఉంది.